డీలరు చెప్పిన 7% ఫ్లాట్ వడ్డీ, బ్యాంకు చెప్పిన 10% వడ్డీ: వీటిలో నిజంగా ఏది తక్కువ?

గుంటూరు కృష్ణవేణి (చర్చ ప్రారంభించినవారు)

సభ్యులందరికీ నమస్కారం. విజయవాడలో ఒక సెకండ్‌హ్యాండ్ కారు చూసుకున్నాము. బేరం 8,20,000 రూపాయలకు కుదిరింది. మా దగ్గర 2,20,000 ఉన్నాయి కాబట్టి మిగిలిన 6,00,000 అప్పు చేయాలి. కారు అమ్ముతున్న డీలరు తన దగ్గరికి వచ్చే ఫైనాన్సు కంపెనీ నుంచి 7% ఫ్లాట్ వడ్డీకి 5 సంవత్సరాలకు ఇప్పిస్తానని, నెలకు 13,500 చొప్పున 60 నెలలు కట్టాలని చెప్పారు. నా జీతం పడే బ్యాంకులో అడిగితే అదే మొత్తానికి, అదే గడువుకు వడ్డీ 10% అనీ, నెలకు 12,748 కట్టాలనీ అన్నారు. వడ్డీ ఎక్కువున్న చోట నెల వాయిదా ఎలా తక్కువైందో నాకు అర్థం కాలేదు.

మా నాన్నగారు రెండూ విని, "7% అంటే నూటికి 58 పైసల వడ్డీ, ఊళ్లో రెండు రూపాయలకు కూడా అప్పు పుట్టడం లేదు, దీన్ని వదులుకోవద్దు" అంటున్నారు. ఆయన లెక్కలో తప్పు కనబడటం లేదు, కానీ వాయిదాలు చూస్తే అనుమానం పోవడం లేదు. 7% ఫ్లాట్ అన్నదాన్ని బ్యాంకు వడ్డీతో పోల్చగలిగేలా మార్చే పద్ధతి ఎవరైనా వివరంగా చెప్పగలరా?

నిలకడ

అమ్మా, ఫ్లాట్ వడ్డీ అంటే మధ్యలో మారని వడ్డీ అని అర్థం. బ్యాంకు వాళ్లు ఈ రోజు 10% అని చెప్పి రేపు రెపో రేటు పెరిగితే 11% చేస్తారు. నా ఇంటి అప్పు విషయంలో అదే జరిగింది. డీలరు చెప్పినది 5 సంవత్సరాలూ 7% దగ్గరే నిలకడగా ఉంటుంది కాబట్టి నేనైతే దాన్నే తీసుకుంటాను.

పాత లెడ్జరు

నిలకడ గారూ, మీరు చెప్పినది ఫిక్స్‌డ్ వడ్డీ గురించి. కృష్ణవేణి గారు అడిగినది వేరే విషయం. వడ్డీ కాలక్రమంలో మారుతుందా లేదా అన్నది ఒక ప్రశ్న, వడ్డీని ఏ మొత్తం మీద వేస్తారు అన్నది మరొక ప్రశ్న. ఫ్లాట్ అన్న మాట ఈ రెండో ప్రశ్నకు జవాబు. పైగా కారు అప్పులు బ్యాంకుల్లో కూడా చాలావరకు మారని వడ్డీకే ఇస్తారు, కృష్ణవేణి గారు ఆ సంగతి తమ బ్యాంకులో అడిగి తెలుసుకుంటే సరిపోతుంది.

సగటు మనిషి

దీనికి పెద్ద లెక్క అవసరం లేదు. ఫ్లాట్ వడ్డీని రెండుతో గుణిస్తే అసలు వడ్డీ వస్తుంది. మొదటి నెలలో బాకీ 6 లక్షలు, చివరికి సున్నా, అంటే సగటున మీ దగ్గర ఉన్నది 3 లక్షలే. మీరు మాత్రం 6 లక్షల మీద వడ్డీ కడుతున్నారు. కాబట్టి 7% కాస్తా 14% అవుతుంది. బ్యాంకు 10% చాలా నయం.

పాత లెడ్జరు

సగటు మనిషి గారి ఆలోచన సరైన దారిలోనే ఉంది, కానీ చివరి అంకె సరికాదు. నేను బ్యాంకు అప్పుల విభాగంలో చాలా కాలం పనిచేసి విరమించాను కాబట్టి కొంచెం నిదానంగా చెప్పడానికి అనుమతించండి.

ముందుగా డీలరు వేసిన లెక్క చూద్దాం. 6,00,000 మీద సంవత్సరానికి 7% అంటే 42,000. ఐదేళ్లకు 2,10,000. దాన్ని అసలుతో కలిపితే 8,10,000. దాన్ని 60తో భాగిస్తే 13,500. ఈ లెక్కలో దాగినది ఏమీ లేదు. అయితే ఐదో సంవత్సరం మొదట్లో మీ బాకీ సుమారు లక్షన్నరే మిగిలి ఉన్నా, ఆ ఏడాది కూడా వడ్డీ 6,00,000 మీదనే, అదే 42,000 వేశారన్నది గమనించాలి.

మీ నాన్నగారి 58 పైసల లెక్క ఊరి అప్పుకు అక్షరాలా నిజం. ఊళ్లో నోటు రాసి అప్పు తెస్తే అసలు మొత్తం చివరిదాకా మన దగ్గరే ఉంటుంది, వడ్డీ కడుతూ వచ్చి ఆఖరున అసలు ఒకేసారి తీరుస్తాము. ఆ పద్ధతిలో 6,00,000 ఐదేళ్లు మీ చేతిలో ఉంచి 2,10,000 వడ్డీ తీసుకుంటే అది నూటికి 58 పైసలే. ఇక్కడ మాత్రం మొదటి నెల నుంచే అసలు వెనక్కి పోతున్నది. మీ దగ్గర లేని డబ్బుకు కూడా అద్దె కడుతున్నారన్నమాట.

మరి నిజమైన వడ్డీ ఎంత? ప్రతి నెలా మిగిలిన బాకీ మీద మాత్రమే వడ్డీ వేసి, కట్టిన 13,500లో ఆ వడ్డీ పోగా మిగిలినది అసలులో తగ్గిస్తూ పోతే, సరిగ్గా 60వ వాయిదాతో బాకీ సున్నా కావాలి. అలా సున్నా చేసే వడ్డీ ఒక్కటే ఉంటుంది. మీ విషయంలో అది నెలకు 1.042%, అంటే సంవత్సరానికి 12.5%. నాన్నగారికి చెప్పాలంటే, ఇది 58 పైసల వడ్డీ కాదు, రూపాయి నాలుగు పైసల వడ్డీ. బ్యాంకు వాళ్లది 83 పైసలు.

ఇక రెట్టింపు సూత్రం ఎక్కడ తప్పుతున్నదో చూడండి. బాకీ 6 లక్షల నుంచి సున్నాకు తిన్నగా దిగితే సగటు 3 లక్షలు అవుతుంది. అది తిన్నగా దిగదు. మొదటి నెలలో మీరు కట్టే 13,500లో దాదాపు 6,250 వడ్డీకే పోతుంది, అసలులో తగ్గేది 7,250 మాత్రమే. సగం గడువు, అంటే 30 వాయిదాలు పూర్తయినప్పుడు బాకీ 3,00,000 ఉండదు, సుమారు 3,46,000 ఉంటుంది. ఐదేళ్ల మొత్తం మీద సగటు బాకీ లెక్కిస్తే దాదాపు 3,36,000 వస్తుంది. ఏటా కట్టే 42,000 వడ్డీ ఈ 3,36,000 మీద ఎంత శాతమో చూస్తే 12.5 వస్తుంది. గడువు పెరిగేకొద్దీ ఈ వంపు పెరుగుతుంది కాబట్టి రెట్టింపు సూత్రం అంతకంతకూ ఎక్కువ చూపిస్తుంది.

సగటు మనిషి

వంపు సంగతి నేను ఆలోచించలేదు, అంగీకరిస్తున్నాను. కానీ 14 కాదు 12.5 అని ఎవరైనా సామాన్యుడు స్వయంగా ఎలా సరిచూసుకోగలడు? మీ మాట మీద నమ్మకం లేక అడగడం లేదు, డీలరు ముందు కూర్చున్నప్పుడు చేయగలిగిన పద్ధతి కావాలి.

పాత లెడ్జరు

ఫోన్‌లో ఏ బ్యాంకు ఈఎంఐ కాలిక్యులేటరైనా చాలు. 6,00,000, 60 నెలలు అని ఇచ్చి వడ్డీ అంకె ఒక్కటే మారుస్తూ పోండి. 14% పెడితే నెలకు 13,961 చూపిస్తుంది. డీలరు అడిగినది 13,500 మాత్రమే కాబట్టి అది 14% కాజాలదు. 12% పెడితే 13,347 వస్తుంది, ఇది తక్కువైంది. 12.5% పెడితే 13,499 వస్తుంది. అక్కడ ఆగండి. రెండు నిమిషాల పని.

కంప్యూటరు ఉన్నవారు స్ప్రెడ్‌షీటులో ఈ ఒక్క వరుస రాస్తే చాలు.

```
=RATE(60,-13500,600000)*12
```

వాయిదా ముందు మైనస్ గుర్తు తప్పనిసరి. డబ్బు వచ్చే దిశ, పోయే దిశ వేరని అది చెబుతుంది. మరచిపోతే `#NUM!` అని వస్తుంది. చివరన 12తో గుణించకపోతే నెల వడ్డీ 1% అని కనిపించి, మరీ తక్కువ అనిపిస్తుంది. గడిలో 13% అని గుండ్రంగా కనిపిస్తే దశాంశ స్థానాలు పెంచి చూడండి.

గణాంకి

నెలకు 1.042% చొప్పున పన్నెండు నెలలకు చక్రవడ్డీ కడితే 13.25% వస్తుంది. నిజమైన వార్షిక వడ్డీ అంటే అదే కదా? 12తో గుణించడం కూడా ఒక రకంగా తగ్గించి చూపడమే అని నా అభిప్రాయం.

పాత లెడ్జరు

మీ అంకె సరైనదే. అయితే బ్యాంకు చెప్పే 10% కూడా నెల వడ్డీని 12తో గుణించి చెప్పినదే. ఒకదాన్ని చక్రవడ్డీగా, మరొకదాన్ని మామూలుగా తీసుకుంటే పోలిక చెడుతుంది. రెండింటినీ ఒకే కొలతతో కొలవాలి, ఇక్కడ వాడుకలో ఉన్న కొలత 12తో గుణించడమే.

గణాంకి

పోలిక వరకు ఒప్పుకుంటాను. కానీ అప్పు తీర్చడం కోసం ఫిక్స్‌డ్ డిపాజిట్ తీయాలా వద్దా అని తేల్చుకునేవారికి డిపాజిట్ మీద వచ్చే వార్షిక రాబడితో పోల్చదగినది 13.25% మాత్రమే. ఈ విషయంలో నా మాట మీద నేను నిలబడతాను.

రాజమండ్రి సత్తిబాబు

ఇదే విషయంలో నేను పడిన ఇబ్బంది చెబుతాను. నేను 4,00,000 అప్పును 8% ఫ్లాట్‌కు 4 సంవత్సరాలకు తీసుకున్నాను. నెలకు 11,000 చొప్పున 24 వాయిదాలు ఒక్క రోజు కూడా ఆలస్యం లేకుండా కట్టాను. సగం గడువు అయింది కాబట్టి అసలు 2,00,000 మిగిలి ఉంటుందనుకుని, పొలం అమ్మిన డబ్బుతో తీర్చేద్దామని కంపెనీ ఆఫీసుకు వెళ్లాను. అక్కడ 2,28,000 పైచిలుకు బాకీ ఉందని, దాని మీద ముందస్తు ముగింపు రుసుము అదనమని చెప్పారు. నేను గొడవపడ్డాను. ఫ్లాట్ అన్నప్పుడు ప్రతి నెలా అసలు కూడా సమానంగానే తగ్గాలి కదా అన్నది నా వాదన. వాళ్లు నన్ను మోసం చేశారా, లేక నేనే పొరబడ్డానా అన్నది ఇప్పటికీ తేలలేదు.

పాత లెడ్జరు

సత్తిబాబు గారూ, మీ అంకెలు వేసి చూశాను. మీ అప్పు నిజమైన వడ్డీ 14.35% దాకా వస్తుంది. ఆ వడ్డీతో 24 వాయిదాల తర్వాత మిగలవలసిన బాకీ సుమారు 2,28,330. కాబట్టి బాకీ మొత్తం లెక్క ప్రకారమే ఉంది. మీ బాధలో న్యాయం మరో చోట ఉంది. వడ్డీ చెప్పేటప్పుడు ఫ్లాట్ లెక్కలో చెప్పి, బాకీ తేల్చేటప్పుడు తగ్గుతున్న బాకీ లెక్కలో తేల్చారు. రెండో లెక్కను మొదటి రోజే చెప్పి ఉంటే మీరు 8% అని కాక 14.35% అని తెలిసి సంతకం పెట్టేవారు.

షోరూమ్ వెనుక

నేను ఒక ఫైనాన్సు కంపెనీ తరఫున డీలర్ల దగ్గర అప్పుల కాగితాలు చూసే ఉద్యోగిని. మా ఒప్పంద పత్రంలో ఫ్లాట్ అన్న మాట ఉండదు, తగ్గుతున్న బాకీ మీది వడ్డీయే రాసి ఉంటుంది. ఫ్లాట్ అన్నది డీలరు టేబుల్ దగ్గర నోటితో చెప్పే మాట. మేము డీలర్లకు లక్షకు ఇంత వాయిదా అని పట్టీ ఇస్తాము. దాంతో వాళ్లు పని సులువుగా నడుపుకుంటారు.

కొనేవారు కూడా ఆ పట్టీని తమకు అనుకూలంగా వాడుకోవచ్చు. కృష్ణవేణి గారి విషయంలో డీలరుది లక్షకు 2,250, బ్యాంకుది లక్షకు 2,125. గడువు రెండింటికీ ఒకటే అయితే శాతాల జోలికి పోకుండానే ఏది తక్కువో తెలుస్తుంది. గడువు వేరైతే మాత్రం ఈ పోలిక పనికిరాదు. చాలామంది అక్కడే దెబ్బతింటారు, ఎందుకంటే ఏడేళ్లకు పెంచి లక్షకు వాయిదా తగ్గిందని చూపించడం చాలా తేలిక.

ఇంకొక మాట. రిజర్వ్ బ్యాంకు 2024 ఏప్రిల్‌లో ఇచ్చిన ఆదేశం ప్రకారం, 2024 అక్టోబరు 1 నుంచి మంజూరయ్యే రిటైల్ అప్పులన్నింటికీ కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్ అనే పత్రాన్ని ఒప్పందానికి ముందే ఇవ్వాలి. అప్పు తీసుకునేవారికి అర్థమయ్యే భాషలో ఇవ్వాలి కాబట్టి తెలుగులో అడిగే హక్కు మీకుంది. అందులో ఏపీఆర్ అనే అంకె ఉంటుంది. అది వడ్డీతో పాటు రుసుములను కూడా కలిపి, చేతికి వచ్చిన మొత్తం మీద తేల్చిన వార్షిక భారం. గడువు 7 రోజులు లేదా అంతకు మించిన అప్పులకు ఆ పత్రం కనీసం 3 పనిదినాలు చెల్లుతుంది. ఇంటికి తీసుకెళ్లి లెక్క వేసుకునే వ్యవధి మీకుంటుంది.

గుంటూరు కృష్ణవేణి

అందరికీ కృతజ్ఞతలు. నాన్నగారికి రూపాయి నాలుగు పైసలు అని చెప్పగానే సంగతి అర్థమైంది. నేను గంటసేపు చెప్పినా అర్థం కానిది అది.

ఈ రోజు డీలరును మళ్లీ కలిశాను. ఆయన కొత్త మాట చెప్పారు. వారి ఫైనాన్సు తీసుకుంటేనే కారు ధరలో 25,000 తగ్గిస్తారట, బ్యాంకు అప్పుతో వస్తే తగ్గింపు లేదట. అంటే నేను చెప్పిన 8,20,000 ఆ తగ్గింపు పోగా మిగిలిన ధర. ఇప్పుడు లెక్క తిరగబడుతుందా?

పాత లెడ్జరు

తిరగబడదు. తగ్గింపు లేని ధరకు బ్యాంకు అప్పుతో కొంటే మీకు 6,25,000 కావాలి. 10% చొప్పున 60 నెలలకు వాయిదా 13,279. తగ్గింపు వదులుకుని, ఎక్కువ అప్పు చేసినా నెలకు 221 రూపాయలు తక్కువే కడతారు. ఇది డీలరు వైపు రుసుములేవీ కలపకుండా వేసిన లెక్క. బ్యాంకు ప్రాసెసింగ్ ఫీజు ఎంతో కూడా కనుక్కుని రెండు వైపులా కలిపి చూడండి.

షోరూమ్ వెనుక

ఆ తగ్గింపును బిల్లు మీద రాసి ఇస్తారేమో అడగండి. కొన్ని చోట్ల అసలు ధర మీద ముందే 25,000 కలిపి, తర్వాత తగ్గించినట్లు చూపుతారు. అప్పు ప్రస్తావన తేకుండా వేరొకరి చేత ధర అడిగిస్తే తెలిసిపోతుంది.

గుంటూరు కృష్ణవేణి

కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్ అడిగాను. రెండు రోజులు తిప్పించుకున్న తర్వాత ఫోన్‌కు పంపించారు. అందులో వడ్డీ 12.50%, ఏపీఆర్ 13.40% అని ఉంది. జీఎస్టీతో కలిపి ప్రాసెసింగ్ ఫీజు 6,000, కాగితాల ఖర్చు 1,500, అప్పు బీమా 4,500, మొత్తం 12,000 ముందే కోసుకుని 5,88,000 డీలరుకు జమ చేస్తారట. మీరు చెప్పిన అంకె కాగితం మీద కనబడేసరికి గుండె కుదుటపడింది.

కానీ ఒక అనుమానం మిగిలింది. పత్రంలో మొదటి వాయిదా అప్పు ఇచ్చిన ఒక నెల తర్వాత అని ఉంది. డీలరు మాత్రం కారు తీసుకునే రోజే 13,500 అడ్వాన్స్ ఈఎంఐగా కట్టాలని అంటున్నారు.

పాత లెడ్జరు

13.40% అన్నది నా లెక్కతో కూడా సరిపోయింది. 5,88,000 మాత్రమే మీ పని మీద ఖర్చయి, మీరు 13,500 చొప్పున 60 నెలలు కడితే అదే వస్తుంది. అప్పు బీమాను కూడా అందులో కలిపారు, అది పద్ధతి ప్రకారమే.

అడ్వాన్స్ వాయిదా వచ్చి చేరితే ఆ అంకె ఇక చెల్లదు. మొదటి రోజే 13,500 వెనక్కి ఇచ్చేస్తే మీకు నిజంగా అందినది 5,74,500, కట్టవలసినవి 59 వాయిదాలు. స్ప్రెడ్‌షీటులో చివరి స్థానంలో 1 చేర్చి చూడండి.

```
=RATE(60,-13500,588000,0,1)*12
```

13.92% వస్తుంది. డీలరు నోటి మాటలో 7%గా మొదలైనది ఇక్కడికి చేరింది.

షోరూమ్ వెనుక

మా కంపెనీలో అయితే ఆ 13,500ను మొదటి వాయిదాగా కాక, హామీగా ఉంచుకుని చివరి వాయిదాలో సర్దుబాటు చేస్తాము. వారిది కూడా అలాంటిదే అయితే మీరు ఇంత కలవరపడవలసిన పని లేదు.

పాత లెడ్జరు

మన్నించాలి, నేను ఏకీభవించలేను. మొదటి రోజు 13,500, ఆ తర్వాత 59 నెలలు 13,500 చొప్పున. దాన్ని మొదటి వాయిదా అని పిలిచినా, చివరి వాయిదా అని పిలిచినా డబ్బు చేతులు మారే తేదీలు మారడం లేదు. తేదీలు మారకపోతే వడ్డీ కూడా మారదు. ఆ హామీ మీద కంపెనీ మీకు వడ్డీ ఇస్తే తప్ప అది 13.92% గానే ఉంటుంది.

కృష్ణవేణి గారూ, స్టేట్‌మెంట్‌తో పాటు వాయిదాల పట్టిక కూడా ఇవ్వాలి. ఆ పట్టికలో మొదటి వరుస తేదీ ఏమిటో, 60 వరుసలున్నాయో 59 ఉన్నాయో చూడండి. డీలరు అడుగుతున్న 13,500 ఆ పట్టికలో లేకపోతే అది కంపెనీ అడుగుతున్నదా, డీలరు సొంతంగా అడుగుతున్నదా అన్నది ముందు తేలాలి. పత్రంలో లేని రుసుమును మీ స్పష్టమైన అంగీకారం లేకుండా అప్పు ఇచ్చేవారు వసూలు చేయకూడదు, కానీ ముందస్తు వాయిదాను రుసుముగా చూస్తారా అన్నది ఆ కంపెనీ చేతే రాతపూర్వకంగా చెప్పించుకోవాలి.

గుంటూరు కృష్ణవేణి

పట్టికలో 60 వరుసలున్నాయి, మొదటి తేదీ వచ్చే నెల 5. కంపెనీకి ఈ ప్రశ్న ఈమెయిల్‌లో పంపాను. బ్యాంకులో 6,25,000కు దరఖాస్తు కూడా ఇచ్చి వచ్చాను. కారు నంబరు, ఆర్‌సీ నకలు, విలువ మదింపు నివేదిక అడిగారు. మదింపులో కారు విలువ తక్కువ కట్టి అప్పు కోత వేస్తే ఏం చేయాలో ఇంకా తెలియదు. కంపెనీ జవాబు రాగానే ఇక్కడ పెడతాను.